వంద టిక్కీల్లో బియ్యపు గింజంత: ఉపన్యాసం మొదటి మాట ఎలా ఎంచుకోవాలి

ప్రశ్న: గుంటూరు జిల్లాలో గ్రామ ఉద్యాన సహాయకుడిగా కొత్తగా చేరాను. వచ్చే వారం రైతు సేవా కేంద్రం దగ్గర మిర్చి రైతుల సమావేశం ఉంది. కోత తర్వాత కాయ ఆరబెట్టడం, అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం గురించి ఎనిమిది నిమిషాలు మాట్లాడమన్నారు. ప్రశ్నతోనో, ఆశ్చర్యపరిచే విషయంతోనో మొదలుపెట్టమని అందరూ చెబుతున్నారు. మూడు అనుకున్నాను. "మిరప మన దేశపు పంట కాదని మీకు తెలుసా?", "అఫ్లాటాక్సిన్ పేరు మీలో ఎంతమంది విన్నారు?", "మన కాయకు రేటు ఎందుకు తగ్గుతోంది?" వీటిలో ఏది మంచిది? అక్కడి నుంచి అసలు విషయంలోకి ఎలా రావాలి?

జవాబు:

మూడూ పక్కన పెట్టండి. ఎందుకో ఒక్కొక్కటీ చెబుతాను. దానికి ముందు ఒక పని ఉంది. సమావేశం అయిపోయి రైతు ఇంటికి వెళ్లాక ఏం చేయాలని మీరు కోరుకుంటున్నారో ఒక్క వాక్యంలో రాయండి. మీకిచ్చిన కరపత్రంలో అయిదారు సలహాలు ఉండే ఉంటాయి: పట్టా మీద ఆరబెట్టండి, రాత్రిపూట కప్పండి, టిక్కీకి, అంటే మిర్చి బస్తాకు ఎత్తే ముందు నీళ్లు కొట్టొద్దు, తాలు కాయ ఏరేయండి, మందుల అవశేషాలు లేకుండా చూడండి. ఇన్నిటినీ మోసే మొదటి మాట దొరకదు. నేనైతే ఇలా రాస్తాను: "కాయ కోసిన రోజు నుంచి టిక్కీ కుట్టే రోజు దాకా దానికి మట్టి తగలనివ్వొద్దు, తడి తగలనివ్వొద్దు." పట్టా, కప్పడం, నీళ్లు కొట్టకపోవడం, మూడూ ఇందులోకి వచ్చేశాయి. మందుల అవశేషాలు రాలేదు. అది చేలో జరిగే సంగతి, కల్లంలోది కాదు. దానికి ఇంకో రోజు పెట్టుకోండి.

ఇప్పుడు ఈ వాక్యాన్ని దగ్గర పెట్టుకుని మీ మూడింటినీ చూద్దాం.

మొదటిది, మిరప మనది కాదన్నది. విషయం నిజం. మిరప పుట్టిల్లు అమెరికా ఖండాలు. వాస్కో డ గామా 1498లో కాలికట్ చేరాక, ఆ తర్వాతి కాలంలో పోర్చుగీసు వర్తకుల ద్వారా మన దగ్గరికి వచ్చింది. అంతకు ముందు మన వంటల్లో కారానికి ప్రధానంగా మిరియాలే దిక్కు. గుంటూరులో నిలబడి ఈ మాట అంటే తలలు పైకి లేస్తాయి, అందులో సందేహం లేదు. కానీ ఆ తర్వాత ఏమంటారు? "అలా సముద్రాలు దాటి వచ్చిన మిరపను మనం ఇవాళ మళ్లీ సముద్రాలు దాటిస్తున్నాం, కాబట్టి నాణ్యంగా ఆరబెట్టాలి" అంటారు. వినడానికి బాగానే ఉంది, పట్టి చూస్తే మాత్రం అతుకు తెలుస్తుంది. మిరప ఇక్కడే పుట్టి ఉంటే మట్టిలో ఆరబెట్టుకోవచ్చా? అప్పుడూ కూడదు కదా. అంటే మీ విషయం తలకిందులైనా మీ సలహా మారదు. దానికీ దీనికీ లంకె లేదని తేల్చే పరీక్ష ఇదే. మొదటి మాట అబద్ధమనుకోండి. అప్పుడు మీ ముఖ్య సందేశం ఏమైనా వదులవుతుందా? కాకపోతే అది అలంకారం మాత్రమే. ఇదే విషయం మరో సభలో బ్రహ్మాండంగా పనిచేస్తుంది. కొత్త పంట వేయడానికి వెనకాడే రైతులతో మాట్లాడేటప్పుడు, "మన తాతల పంట అనుకుంటున్న మిరప కూడా ఒకప్పుడు కొత్త పంటే" అంటే అది నేరుగా సందేశంలోకి దిగుతుంది. అందుకని పారేయకండి, దాచుకోండి.

రెండోది, "ఎంతమంది విన్నారు?" అన్న ప్రశ్న. చేతులెత్తించే ప్రశ్నకు ఎత్తినా ఎత్తకపోయినా మీ దారి సాగాలి. ఇక్కడ చేతులు లేవకపోతే, "ఏమీ తెలియని వాళ్లం" అని అరవై ఏళ్ల రైతు చేత పాతికేళ్ల కుర్రాడు అనిపించినట్టవుతుంది. ఆ నిమిషం నుంచి వెనక వరసలు వినవు. నలుగురు చేతులెత్తితే వాళ్లకు తెలిసిందే మళ్లీ చెబుతున్నారని అర్థం. పైగా ఆ పేరులో రైతుకు పట్టు దొరికేది ఏమీ లేదు. నోరు తిరగని పేరుతో మొదలుపెడితే పరీక్ష గదిలో కూర్చోబెట్టినట్టుంటుంది. అడిగే ప్రశ్న ఎప్పుడూ మీకన్నా వాళ్లకు ఎక్కువ తెలిసిన దాని మీద ఉండాలి. టిక్కీ బరువు, కల్లం, మంచు, కూలి, లారీ, వీటిలో వాళ్లే పెద్దలు.

మూడోది అన్నిటికన్నా ప్రమాదం. "రేటు ఎందుకు తగ్గుతోంది?" అని అడిగారనుకోండి, మీరు జవాబు చెప్పే అవసరం రాదు. వాళ్లే చెబుతారు, గంటసేపు. 2025 ఫిబ్రవరిలో ధర పడిపోయినప్పుడు కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించింది. ఆ అంకె ఇప్పటికీ రైతుల నోట్లో ఉంది. ఎవరో ఒకరు లేచి అది అందుకుంటే ఎగుమతులు, దళారులు, కోల్డ్ స్టోరేజీ అద్దెలు, అన్నీ వరసగా వస్తాయి. అవన్నీ న్యాయమైన బాధలే, కానీ ఒక్కటీ మీ చేతిలో లేదు. నిజానికి ఇది ప్రశ్నగా బాగానే ఉంది. దాని జవాబు మీ సందేశం కాకపోవడమే చిక్కు. రేటు పడటానికి పది కారణాలుంటే కల్లంలో తడి అందులో ఒకటి. ప్రశ్న తెరిచిన తలుపు మీ గదిలోకే తెరుచుకోవాలి, పక్కింట్లోకి కాదు.

ఇక నేనైతే ఏం తీసుకుంటానో చెబుతాను.

యూరోపియన్ యూనియన్ నిబంధనల్లో ఎండుమిర్చికి అఫ్లాటాక్సిన్ బి1 గరిష్ఠ పరిమితి కిలోకు 5 మైక్రోగ్రాములు. అన్ని రకాల అఫ్లాటాక్సిన్లూ కలిపితే కిలోకు 10. ఈ అంకె ఆశ్చర్యకరమైనదే. కానీ ఉన్నది ఉన్నట్టు చెబితే ఎవరూ ఆశ్చర్యపోరు. మైక్రోగ్రాము ఎవరి కంటికీ కనపడిన వస్తువు కాదు. దాన్ని వాళ్ల కొలతలోకి మార్చాలి, ఆ మార్పిడి మీరే పెన్ను పట్టుకుని చేయాలి. టిక్కీ నలభై కిలోలు అనుకుందాం. కిలోకు 5 చొప్పున టిక్కీకి 200 మైక్రోగ్రాములు. వంద టిక్కీలకు 20,000 మైక్రోగ్రాములు, అంటే 20 మిల్లీగ్రాములు. దొడ్డు బియ్యపు గింజ ఒకటి సుమారుగా అంతే తూగుతుంది. అంటే వంద టిక్కీల కాయలో ఒక్క బియ్యపు గింజంత విషం చేరితే యూరప్ గీత దగ్గరికి వచ్చేసినట్టే.

ఒక జాగ్రత్త. మన దగ్గర చాలా ఇళ్లలో తినేది సన్నబియ్యం, ఆ గింజ బరువు దొడ్డు గింజలో సగానికి అటూ ఇటూగా ఉంటుంది. ముందు వరసలో లెక్కలు బాగా వచ్చిన రైతు ఒకరు తప్పకుండా ఉంటారు. "ఏ బియ్యం?" అని అడుగుతారు. కాబట్టి "దొడ్డు గింజ ఒకటి, సన్నవైతే రెండు" అని మీరే అనేయండి. నమ్మకం కుదరకపోతే వంద గింజలు లెక్కపెట్టి తెలిసిన కంసాలి దగ్గర తూయించుకోండి. మీరే తూయించిన అంకెను చెప్పేటప్పుడు గొంతులో తేడా ఉంటుంది, అడ్డు ప్రశ్న వచ్చినా తడబడరు.

ఇప్పుడు దీన్ని ప్రశ్నగా వేయాలా, విషయంగా చెప్పాలా? నా ఓటు రెండూ కలిపినదానికి. అంకెను వాళ్ల చేత ఊహింపజేసి, ఆ తర్వాత చెప్పాలి. మనిషి ముందు తన లెక్క ఒకటి వేసుకుంటేనే అసలు లెక్క విన్నప్పుడు ఉలిక్కిపడతాడు. ఊరికే చెబితే "ఓహో" అని ఊరుకుంటాడు. పైగా ఊహించమనే ప్రశ్నలో ఎవరికీ చిన్నతనం లేదు, ఎందుకంటే అందరూ తప్పే చెబుతారు.

అయితే ఇంతవరకూ మీ చేతిలో ఉన్నది మొదటి మాట మాత్రమే. చాలా మంది ఇక్కడే జారిపోతారు. బియ్యపు గింజ అనగానే సభ నిశ్శబ్దమవుతుంది. వక్త సంతోషపడి, కాగితం తిప్పి, "ఇప్పుడు కోతానంతర యాజమాన్యం గురించి తెలుసుకుందాం" అంటాడు. ఆ ఒక్క వాక్యంతో లేచిన తలలన్నీ కిందికి పోతాయి. మొదటి మాటకూ సందేశానికీ మధ్య కారణం ఉండాలి, "ఇప్పుడు" అన్న మాట కాదు.

ఆ కారణం కోసం రైతు మనసులో బియ్యపు గింజ వినగానే ఏ ప్రశ్న పుడుతుందో చూడండి. "అంత కొంచెం విషం కాయలోకి ఎక్కడి నుంచి వస్తుంది?" జవాబు: బూజు నుంచి. ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు దాన్ని తయారుచేస్తుంది. ఆ బూజు ఎక్కడ ఉంటుంది? మట్టిలో. మన కల్లం నేలలోనూ ఉంటుంది. మట్టిలో ఉన్నది కాయ మీద ఎప్పుడు పెరుగుతుంది? కాయలో తడి ఉన్నప్పుడు. అంతే, సందేశం దానంతటదే వచ్చేసింది: మట్టి తగలనివ్వొద్దు, తడి తగలనివ్వొద్దు. గింజ నుంచి బూజుకు, బూజు నుంచి మట్టికి, మట్టి నుంచి పట్టాకు. ఈ మెట్లలో ఒక్కటి తీసేసినా తర్వాతిది నిలబడదు. ఇందాకటి పరీక్షే ఇక్కడా పెట్టి చూడండి. గింజంత కాకుండా బస్తాడు విషం ఉన్నా పర్వాలేదని నిబంధన ఉంటే, రైతు ఇంత జాగ్రత్త పడాల్సిన పని ఉందా? లేదు. కాబట్టి ఈ మాట సందేశాన్ని మోస్తోంది.

మీరు మాట్లాడితే ఇలా ఉండొచ్చు. చదవడానికి కాదు, నడక తెలియడానికి రాస్తున్నా.

"బాబాయ్, ఒక లెక్క అడుగుతాను. వంద టిక్కీల కాయ లారీకి ఎత్తారు. యూరప్ పోవాలి. అక్కడ పరీక్ష చేస్తారు. ఆ వంద టిక్కీల్లో బూజు విషం ఎంత ఉంటే 'మాకొద్దు' అంటారు? చెప్పండి. కిలో? దోసెడు? చెంచాడు?"

ఇక్కడ ఆగండి. నాలుగైదు జవాబులు రానివ్వండి. ఎవరూ మాట్లాడకపోతే ముందు వరసలో ఒకరి మొహం చూసి, "మీరు చెప్పండి" అనండి.

"దొడ్డు బియ్యపు గింజ ఒకటి. సన్నవైతే రెండు. వంద టిక్కీలకు అంతే. అది దాటితే సరుకు ఆగిపోతుంది."

మళ్లీ ఆగండి. ఈసారి కాస్త ఎక్కువసేపు.

"అది మనం కలిపింది కాదు. మందు కాదు, రంగు కాదు. బూజు చేసింది. ఆ బూజు మన కల్లం మట్టిలోనే ఉంటుంది. కాయ మట్టి మీద ఉండి, రాత్రి మంచుకు తడిసిందంటే దానికి పండగ. అందుకే నేను ఇవాళ ఒక్క మాట చెప్పడానికి వచ్చాను. కోసిన రోజు నుంచి టిక్కీ కుట్టేదాకా కాయకు మట్టి తగలనివ్వొద్దు, తడి తగలనివ్వొద్దు."

ఇది ఒక నిమిషంలో అయిపోతుంది. మిగతా ఏడు నిమిషాలూ ఈ చివరి వాక్యాన్ని విప్పడానికే. పట్టా ఎలా పరవాలి, సాయంత్రం కాయను కుప్ప చేసి ఎలా కప్పాలి, తేమ 10, 11 శాతానికి దిగిందని కాయ ఊపితే గింజ గలగలమనడాన్ని బట్టి ఉరామరిగా ఎలా పోల్చుకోవాలి, ఇవి చెప్పండి. నీళ్లు కొట్టడం దగ్గరికి వచ్చేసరికి మాత్రం కొంచెం నిదానించండి. ఎండిన కాయ ఎత్తేటప్పుడు విరగకూడదని, తూకం కోసమని కొందరు తడి చల్లుతారు. వాళ్లు ఆ సభలోనే కూర్చుని ఉంటారు. వాళ్లను తప్పుపట్టకుండా అదే లంకె అందుకోండి: "రోజుల తరబడి ఎండబెట్టి బూజును ఆకలికి మాడ్చాం, చివరి రోజు మనమే దానికి నీళ్లు పోస్తున్నాం." ఆ మాటకు నవ్వొస్తుంది, విషయమూ దిగుతుంది. మొదట్లో కారణం సరిగ్గా వేసి ఉండకపోతే ఈ వాక్యం పలికేది కాదు.

ఇక అడ్డంకులు. ఈ మొదటి మాటకు వచ్చే అసలు అభ్యంతరం, "మన కాయ యూరప్ పోదు కదా, తేజా రకం అంతా చైనాకే పోతోంది" అన్నది. నిజమే, తేజాకు చైనా పెద్ద గిరాకీ. దీన్ని ముందే ఊహించి జవాబు జేబులో పెట్టుకోండి: యూరప్ లెక్క చెప్పింది విషం ఎంత కొంచెమైనా లెక్కలోకి వస్తుందని చూపించడానికి. అదే తడి కాయ రంగును తీసేసి తాలు చేస్తుంది, తాలు కాయకు మన యార్డులోనే ధర కోస్తారు. పరిశోధనశాల దాకా పోనక్కర్లేదు, టిక్కీ మూతి విప్పి గుప్పెడు కాయ తీసి చూసే వ్యాపారి కన్నే చాలు. ఈ జవాబు మొదట్లో కలపొద్దు. ఎవరైనా అడిగినప్పుడే చెప్పండి. మొదటి నిమిషంలో రెండు కారణాలు చెబితే ఒక్కటీ మిగలదు.

అంకెను సాగదీయొద్దు. "ప్రపంచమంతా ఇదే నిబంధన" అనొద్దు. ఇది యూరోపియన్ యూనియన్ పరిమితి, అంతే అనండి. "మీ మిర్చిలో విషం ఉంది" అని అసలే అనొద్దు. మీ ఊరి కాయను మీరు పరీక్ష చేయించలేదు. ఆ మాట ఫోన్‌లో రికార్డై వాట్సాప్ గ్రూపులకు ఎక్కితే మీకన్నా ముందు రైతుకు నష్టం.

క్యాన్సర్ అన్న మాటతో మొదలుపెట్టాలని కూడా అనిపిస్తుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అఫ్లాటాక్సిన్లను మనుషుల్లో క్యాన్సర్ కలిగించేవాటిలో, మొదటి వర్గంలో పెట్టింది. మామూలు వంట వేడికి అవి పూర్తిగా పోవు. విషయం పెద్దదే, అందుకే మొదట పెట్టకూడదు. క్యాన్సర్ అనగానే ప్రతి ఒక్కరికీ తమ ఇంట్లోనో పక్కింట్లోనో మనిషి గుర్తొస్తారు, మనసు అక్కడే ఉండిపోతుంది. మీరు పట్టా దగ్గరికి రమ్మన్నా రారు. మొదటి మాటకు బలం ఎంత ఉండాలంటే, సందేశం దాకా మోయగలిగినంత ఉండాలి, సందేశాన్ని తొక్కేసేంత కాదు. ఇంకో ఆకర్షణ 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోవడం. వాటికి పెట్టిన వేరుశనగ చెక్కలో బూజు విషం ఉందని తేలడంతోనే అఫ్లాటాక్సిన్ బయటపడింది. చెప్పడానికి రక్తి కట్టే కథ. కానీ అది కోళ్ల కథ, వేరుశనగ కథ. కల్లంలో పరిచిన మిర్చికి రావాలంటే రెండు వంతెనలు కట్టాలి. ఎనిమిది నిమిషాల్లో ఒక వంతెనకే చోటుంది.

లంకె కుదిరిందో లేదో తెలుసుకునే మార్గం తేలికే. మర్నాడు ఊళ్లో ఎవరైనా కనిపిస్తే, "నిన్న ఏం చెప్పానో గుర్తుందా?" అనకండి, మొహమాటానికి "బాగా చెప్పావు" అంటారు. సభకు రాని మనిషిని అడగండి: "నిన్నటి మీటింగులో ఏమన్నారంట?" "ఏదో బియ్యపు గింజ అన్నాడంట" అని ఆగిపోతే మొదటి మాట గెలిచింది, సందేశం ఓడింది. మధ్యలో బూజు, మట్టి మెట్టు తొందరగా దాటేశారన్నమాట. వచ్చే ఊళ్లో అక్కడ ఇంకో రెండు వాక్యాలు ఆగండి. "కాయ పట్టా మీద పోయాలంట, లేకపోతే వెనక్కొస్తదంట" అన్నారంటే గింజ మాట మర్చిపోయినా నష్టం లేదు. సభకు ముందే ఇంకో పరీక్ష ఉంది: ఒక్క నిమిషం మాటలూ ఇంట్లో ఎవరికైనా చెప్పి, చివరి వాక్యానికి ముందు ఆపి, "తర్వాత నేనేం చెబుతాను?" అని అడగండి. దగ్గరగా చెబితే దారి సరైనదే.

చివరిగా మన సభల పద్ధతి ఒకటుంది, దాని సంగతి ముందే చూసుకోవాలి. వేదిక మీద సర్పంచ్ గారు, మండల అధికారి, సొసైటీ ప్రెసిడెంట్ ఉంటారు. పేరుపేరునా నమస్కారాలు చెప్పకుండా మొదలుపెడితే పొగరనుకుంటారు, చెప్పాక వెంటనే ప్రశ్న వేస్తే అదీ నమస్కారాల్లో కలిసిపోతుంది. నమస్కారాలు కుర్చీ దగ్గర నుంచే, వేదిక వైపు తిరిగి పూర్తి చేయండి. తర్వాత మైకు తీసుకుని రైతుల వైపు రెండడుగులు వేసి, గొంతు సర్దుకుని, అప్పుడు "బాబాయ్, ఒక లెక్క" అనండి. మిమ్మల్ని పరిచయం చేసే ఆయనకు కూడా ముందే చెప్పుకోండి. "మన కుర్రాడు ఇప్పుడు వంద టిక్కీలకు బియ్యపు గింజంత విషం గురించి చెబుతాడు" అని ఆయనే అనేశారంటే మీరు ఊహించమని అడగడానికి ఏమీ మిగలదు. అలా జరిగిపోతే ప్రశ్న వదిలేసి, "సార్ చెప్పిన ఆ గింజంత విషం ఎక్కడి నుంచి వస్తుందో తెలుసా?" అని రెండో మెట్టు నుంచే ఎక్కండి.